అడుగున తోసిన పేరు

వెంకటకృష్ణయ్యకు మోక అనే ఊర్లో మాగాణి ఉండాది, సండూరు దోవలో తిరిగే టిప్పర్లు ఎనిమిది ఉండాయి, బళ్లారి ఊరి బయట జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డొకటి ఉండాది. మాగాణి తాతలది, టిప్పర్లు గనుల పుణ్యం, షెడ్డు మాత్రం ఆయన సొంత పిచ్చి. ఆరేండ్లుగా ఆ షెడ్డులో ఎవరెవరి ప్యాంట్లో కుడతా ఉండిరి. బెంగళూరోడు పేరు పంపిస్తే ఆ పేరు, హుబ్బళ్లోడు పంపిస్తే ఆ పేరు. "మన చేత్తో కుట్టి వాని పేరేసేది ఎన్నాళ్లప్పా" అని ఒకనాడు సావుకారుకు రోషం వచ్చింది. వస్తే వచ్చింది గానీ, పేరు పెట్టే పని తెచ్చి అనూష నెత్తిన పెట్టినాడు.

అనూష ఆ షెడ్డులో లేబుళ్ల పిల్ల. ప్యాంటు వెనక నడుం మీద కుట్టే తోలు ముక్క మీదా, గుండీ మీదా ఏ అక్షరం ఎట్లుండాలో కంప్యూటర్లో గీసేది ఆమె పని. మూడేండ్లుగా గీస్తాండాది, అన్నీ పరాయి పేర్లే. సొంత పేరు అనేసరికి పాపం గుండె ఎగిరి గంతేసింది.

మొదట అందరినీ చీటీలు వెయ్యమంటే పదకొండు పేర్లు వచ్చినాయి. వాటిలో అయిదు ఇంకొకరు ఎప్పుడో రిజిస్టరు చేసుకోని ఉండారని లాయరు తేల్చినాడు. రెండు గుండీ అంచు మీద పట్టనంత పొడుగు. ఒకటి సావుకారు కులదేవత పేరు, ఆ దేవత మీద జనం కూర్చుంటారా అని మిషన్ల దగ్గరి హుసేనమ్మ మండిపడినాక దాన్నీ తీసేసినారు. మిగిలినవి మూడే: కెంపు, హగరి, డెల్‌రాక్.

కెంపు అన్నది అమ్మకాలు చూసే రుద్రేశ్ మాట. కన్నడమోళ్లకు ఎరుపు, తెలుగోళ్లకు రత్నం, ఈ ఊరి దుమ్ము చూస్తే ఎవరికైనా తెలిసే రంగు అని ఆయన వాదం. "నీలం ప్యాంటుకు ఎర్ర పేరేందప్పా" అని అందరూ నవ్వినారు, అయినా పేరు నోట్లో బాగా తిరిగింది. హగరి అనూషది, పక్కనుండే ఏటి పేరు. అది తనదని ఎవ్వరికీ చెప్పలేదు, చీటీలో రాసి వేసింది. చిన్నప్పుడు అవ్వ చెయ్యి పట్టుకోని ఆ ఏటి ఇసకలో నడిచిన పిల్ల. ఏడాదికి పది నెలలు నీళ్లు లేని ఏరు, ఆ పేరు పెడితే ప్యాంట్లు కూడా ఎండిపోతాయని రుద్రేశ్ ఎగతాళి చేస్తే, పైకి నవ్వి లోపల ఉడుక్కునింది.

డెల్‌రాక్ సంగతి వేరే. అది సావుకారు తమ్ముని కొడుకు వివేక్ తెచ్చిన పేరు. బెంగళూరులో చదివొచ్చినోడు. పేరొక్కటే తేలేదు, ఆ ఊర్లో తన స్నేహితుల కంపెనీ ఒకటి ఉండాదని, పేరు ఖాయమైతే లేబులూ గుండీ పెట్టె అన్నీ వాళ్లే గీసిస్తారని కూడా మాట్లాడి పెట్టినాడు. ఆ మాట సావుకారు నోటి నుంచే అనూష చెవిన పడింది. డెల్‌రాక్ గెలిస్తే ఈ షెడ్డులో అనూష కుర్చీతో పని లేదు. మళ్లీ బస్టాండు ఎదురుగా జెరాక్సు అంగడిలో పెండ్లి పత్రికలు కొట్టుకోవాల్సిందే. ఇదీ ఆమె కష్టం.

పేరు తేల్చేదానికి ఆరుగురు. అనూష, వివేక్, రుద్రేశ్, కుట్టు మిషన్ల దగ్గర నలభై మందిని నడిపే హుసేనమ్మ, బట్ట కత్తిరించే మేస్త్రీ తాయప్ప, ప్యాంట్లు ఉతికి రంగు దించే తావు చూసే దురుగమ్మ. పైన సావుకారు.

సోమవారం నాడు అందరినీ కూర్చోబెట్టి చేతులెత్తండి అన్నారు. డెల్‌రాక్ అనంగానే మొట్టమొదట సావుకారు చెయ్యి లేచింది. దాని వెనకాలే వివేక్‌ది, తాయప్పది, దురుగమ్మది, హుసేనమ్మది, చివరికి రుద్రేశ్‌ది కూడా. అనూష చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. అయిదు నిమిషాల్లో పని అయిపోయిందని సావుకారు మురిసిపోయినాడు.

ఉగ్గాని తినే తావుకు పోయినాక చూడాల వాళ్ల మొగాలు. ఆ పేరు పలకాలంటే పండ్లు కట్టించుకోవాల అని దురుగమ్మ. అంగడోళ్లు నవ్వుతారని రుద్రేశ్. "మరి ఎందుకెత్తినావు చెయ్యి?" అని అనూష అడిగితే, "అన్నం పెట్టే మనిషి ఎదురుగ్గా చెయ్యెత్తినాక మనది కిందుంటే బాగుంటుందా అమ్మీ" అని హుసేనమ్మ జవాబు. అందరి కడుపులో ఒకటి, చేతిలో ఇంకొకటి.

అనూషకు భయమూ వేసింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది. నేరుగా సావుకారు గదిలోకి పోయి, మీ చెయ్యి లేచినాక ఈ షెడ్డులో లేవని చెయ్యి ఉంటుందా సార్, అది ఓటు కాదు మర్యాద, అని చెప్పేసింది. ఆయన ఆమెను కాసేపు చూసి నవ్వినాడు. ఇష్టం లేని పేరు పెట్టుకోని అమ్మే మనుషులు సగం మనసుతో అమ్ముతారని టిప్పర్ల యాపారంలో ఆయనకు తెలియంది కాదు. సరే, నేను బయటుంటా, మీరే తేల్చుకోండి, శనివారం మధ్యాన్నానికి పేరు కావాల, గుండీల అచ్చుకు ఆ సాయంత్రమే ఆర్డరు పోవాల, దీపావళికి సరుకు అంగట్లో ఉండాల, అన్నాడు. తేలకపోతే మాత్రం డెల్‌రాకే అని కూడా ఒక మేకు కొట్టినాడు.

రాసి వెయ్యమంటే ఒక తంటా. తాయప్పకు కన్నడమే వస్తుంది, దురుగమ్మకు ఏదీ రాదు, రాసేవాళ్ల రాత అందరికీ తెలుసు. అనూష రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పట్టింది. షెడ్డులో దేనికి కరువున్నా బట్ట ముక్కలకూ పిన్నీసులకూ కరువు లేదు. ముదురు నీలం ముక్క కెంపు. ఉతికి తెల్లబారిన ముక్క హగరి. నల్లది డెల్‌రాక్. ఒక్కొక్కరికీ ఒక పిన్నీసు, మూడు ముక్కలు. పిన్నీసు తల దగ్గర ఎక్కువ ఇష్టమైంది, దాని కింద రెండోది, అడుగున అసలు వద్దనేది. తల దగ్గరదానికి రెండు మార్కులు, నడిమిదానికి ఒకటి, అడుగుదానికి సున్నా. ఒక్క పేరే చెప్పమంటే రెండో ఇష్టం ఏందో తెలియదు, ఇట్లయితే అందరి మనసూ మొత్తం బయటికొస్తుంది అని ఆమె విడమరిచి చెప్పింది. చిక్కు ముడి ఇప్పినట్లు చెప్పినావు పాపా అని తాయప్ప మెచ్చుకున్నాడు.

సమంగా వస్తే? ఆ మాట హుసేనమ్మ అడిగింది. వివేక్ వెంటనే పెద్దనాయన మాటే ఆఖరు అన్నాడు. రుద్రేశ్ నాణెం ఎగరేద్దాం అన్నాడు. దురుగమ్మ సుంకలమ్మ తల్లి దగ్గర పూలు పెట్టి అడుగుదాం, కుడి పక్క పువ్వు రాలితే ఒకటి, ఎడమైతే ఒకటి అనింది. "పేర్లు మూడుండాయి, తల్లికి పక్కలు రెండే గదా" అని తాయప్ప అడ్డం పడినాడు. అరగంట రగడ. అనూష బల్ల మీద అరచేత్తో కొట్టి ఒక్క మాట చెప్పింది. డబ్బా తెరిచినాక ఈ మాట మాట్లాడితే ఎవరి పేరు గెలిచే దోవ వాళ్లు చెప్తారు, ఇప్పుడైతే ఎవరికి లాభమో ఎవ్వరికీ తెలియదు, అందుకని ఇప్పుడే రాసుకుందాం అని. అది నిజమే గదా, అందరూ దిగొచ్చినారు.

కాగితం మీద రాసినారు. మొదట మార్కులు. అవి సమమైతే అవే పిన్నీసుల్లో ఆ పేర్లను రెండు రెండుగా జత కట్టి, ఏది ఎక్కువ మందికి ఇంకోదానికంటే పైన ఉండాదో చూడాల. అదీ సమమైతే, ఎక్కువ మంది అడుగున తోసిన పేరు పోతుంది, తక్కువ మంది తోసింది నిలుస్తుంది. తెరిచినాక మళ్లీ ఓటెయ్యాలంటే ఆరుగురూ ఒప్పుకోవాల. ఆరు సంతకాలు పడినాయి, దురుగమ్మది వేలిముద్ర. మూడు గట్లు కట్టినాక నీళ్లు యాడికి పోతాయిలే అని రుద్రేశ్ భరోసా ఇచ్చినాడు.

శుక్రవారం సాయంత్రం ఒక్కొక్కరూ గుడ్డల గోదాములోకి పోయి తలుపు మూసుకోని ముక్కలు గుచ్చుకోని, పిన్నీసును గుడ్డలో చుట్టి గుండీల రేకు డబ్బాలో వేసి వస్తాండిరి. అనూష వంతు వచ్చింది.

ఇదిగో, ఈడనే ఆ పిల్ల బుద్ధి గడ్డి తినింది. తల దగ్గర తెల్లబారిన ముక్క గుచ్చింది, హగరి, అది సరే. రెండోది కెంపు ఆమెకు. నిజంగా ఇష్టమే, అచ్చు ఎట్లుండాలో కూడా ఒకసారి తనలో గీసుకునింది. ముదురు నీలం ముక్క చేతిలోకి తీసుకోని ఆగిపోయింది. హగరికి పోటీ వచ్చేది కెంపే. డెల్‌రాక్‌కు ఇద్దరి కంటే ఎక్కువ ఎవరుండారు, అది ఎట్లా గెలవదు. కెంపుకు నేనెందుకు ఒక మార్కు దానం చెయ్యాల? నల్లముక్క నడమ గుచ్చి, ముదురు నీలం అడుక్కు తోసి, పిన్నీసు టక్కున మూసేసింది. బయటికొచ్చినాక మొగం కడుక్కునింది, ఎందుకో ఆమెకే తెలియదు.

శనివారం పదకొండు గంటలకు డబ్బా తెరిచినారు. తాయప్ప పిన్నీసు ఎత్తి చూపిస్తాడు, హుసేనమ్మ అరుస్తుంది, రుద్రేశ్ పలక మీద సుద్దతో రాస్తాడు. మూడు పిన్నీసులయ్యేసరికి కెంపు ముందుండాది. నాలుగైదయ్యేసరికి హగరి ఎగబాకింది. ఆరోది అయినాక రుద్రేశ్ కూడినాడు. మళ్లీ కూడినాడు. కెంపుకు ఆరు. హగరికి ఆరు. డెల్‌రాక్‌కు ఆరు.

సరే రెండో గట్టు ఉండాదిలే అని జతలు కట్టినారు. కెంపును హగరి కంటే పైన పెట్టినోళ్లు ముగ్గురు, కింద పెట్టినోళ్లు ముగ్గురు. హగరి, డెల్‌రాక్ జత చూస్తే ఆడా మూడు మూడే. కెంపు, డెల్‌రాక్ చూస్తే ఆడా అంతే. అయ్యో దేవుడా, మూడో గట్టు. అడుగున ఎన్నిసార్లు? కెంపు రెండు, హగరి రెండు, డెల్‌రాక్ రెండు.

తాయప్ప ఆరు పిన్నీసులూ బల్ల మీద వరసగా పరిచి చూసినాడు. మూడు ముక్కల్ని ఎన్ని రకాలుగా గుచ్చొచ్చో అన్ని రకాలూ అందులో ఉండాయి, ఒక్కటీ రెండోసారి రాలేదు. ఆరు మంది, ఆరు వరసలు. నా సర్వీసులో ఇంత చక్కని కటింగు చూడలేదప్పా అని ఆయన ముక్కున వేలేసుకున్నాడు. దురుగమ్మకు నవ్వు ఆగలేదు. అది చూసి హుసేనమ్మ, ఆమెను చూసి అందరూ నవ్వినారు. వివేక్ నవ్వు అందరికంటే తీరిగ్గా ఉండింది. తేలకపోతే ఏదో అతనికి తెలుసు.

అనూషకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె కండ్లు ఒక్క పిన్నీసు మీదనే ఉండినాయి. తనది. దాంట్లో నడిమి ముక్కా అడుగు ముక్కా ఉన్న నిజానికి మార్చి చూసుకునింది మనసులో. కెంపుకు ఏడు, హగరికి ఆరు, డెల్‌రాక్‌కు అయిదు. అయిపోయేది. కెంపు గెలిచేది, తన కుర్చీ తనకుండేది. డెల్‌రాక్‌ను చంపేదానికి పుట్టిన మనిషి, తన చేత్తోనే దానికి ఒక మార్కు పోసి బతికించింది. తెలివి ఎక్కువై నెత్తిన మన్ను పోసుకున్నట్లయింది.

సావుకారు మిరపకాయ బజ్జీల పొట్లంతో వచ్చినాడు, పేరు ఏమాయె అంటా. సంగతి విని పలక చూసినాడు. సమం, సమం, సమం. మరి తేలలేదు కదా, అనుకున్న మాట అనుకున్నట్లే అని సెల్లు బయటికి తీసినాడు. వివేక్ బెంగళూరు నంబరు చెప్పబోయినాడు.

చెప్తే పరువు పోతుంది. చెప్పకపోతే కుర్చీ పోతుంది. చెప్పినా కుర్చీ నిలుస్తుందని నమ్మకం లేదు, మళ్లీ ఓటుకు వివేక్ ఒప్పుకోవాల గదా. అయినా కడుపులో అబద్ధం పెట్టుకోని జెరాక్సు అంగడికి పోయేది ఆమెకు అసహ్యమనిపించింది.

"సార్, ఒక పిన్నీసు అబద్ధం. అది నాది" అనింది.

ఆగకుండా మొత్తం చెప్పింది. హగరి తనదేనని, కెంపు తనకు రెండో ఇష్టమని, హగరిని గెలిపించాలని కెంపును అడుగున తోసినానని. నియమాలన్నీ కూర్చోని రాసింది నేనే, మొదట తప్పింది నేనే అని తల వంచుకునింది. రుద్రేశ్ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టేసినాడు. హుసేనమ్మ అమ్మీ అని పిలిచి ఆమె భుజం మీద చెయ్యేసింది.

వివేక్ కాగితం చూపించినాడు. తెరిచినాక మార్చేది లేదు, మళ్లీ ఓటంటే ఆరుగురూ ఒప్పుకోవాల, నేను ఒప్పుకోను, నియమం నియమమే కదా పెద్దనాయనా. మాటలో తప్పేమీ లేదు. అనూష కూడా అవునని తలూపింది.

సావుకారు బజ్జీ కొరుకుతా పిన్నీసుల మీదికి వంగినాడు. కెంపు అడుగునున్నవి రెండుండాయి, ఒకటి ఈ పాపది, రెండోది ఎవరిది, అన్నాడు. ఆ రెండోదానికి తల దగ్గర నల్లముక్క. నల్లముక్క తల దగ్గరున్నవి రెండే పిన్నీసులు. తాయప్ప చెయ్యెత్తి, నాదాంట్లో కెంపు నడమ ఉండాది సావుకారు, మీరు చెయ్యెత్తిన పేరు గదా అని డెల్‌రాక్ పైన పెట్టినా, కెంపు రెండు, హగరి మూడు అన్నాడు. ఇంక మిగిలింది ఒక్కడే.

వివేక్ చెవులు ఎర్రబడినాయి. ఇంట్లో రెండు వారాలుగా కెంపు బాగానే ఉండాది పెద్దనాయనా, కాకుంటే డెల్‌రాక్ ఇంకా బాగుండాది అని చెప్పుకుంటా తిరిగినోడు. సావుకారు అతని మొగం చూస్తా ఇంకో బజ్జీ తీసుకున్నాడు. చివరికి వివేక్ నవ్వేసినాడు, దొరికిపోయిన నవ్వు. నేనూ అదే చేసినా అన్నాడు.

సావుకారు పలక దగ్గరికి పోయి కెంపు అన్న మాట కింద గీత గీసినాడు.

"మీరిద్దరూ రెండు పక్కల నుంచి భయపడి తోసింది ఒకే పేరును. గెలవని పేరుకు ఎవడన్నా భయపడతాడా?"

పేరు నేను చెప్పను, తేల్చేది మీరే అనుకున్నాం, మీరే ఓటు వేసుకోండి, అని ఆయన గది బయటికి పోయి వాకిట్లో నిలబడినాడు. ఎర్ర దుమ్ము లేపుకుంటా ఖనిజం లారీలు పోతా ఉండె.

వివేక్ కాగితం మడిచి బల్ల మీద పెట్టి, మళ్లీ ఓటుకు నేను ఒప్పుకుంటా అన్నాడు. మిగిలిన అయిదుగురూ సరేనన్నారు. పిన్నీసులన్నీ విప్పినారు, ముక్కలు పంచినారు, మళ్లీ గోదాము తలుపు తెరుచుకుంటా మూసుకుంటా ఉండింది. అనూష ఈసారి లోపల ఎక్కువసేపు లేదు. తెల్లబారింది పైన, ముదురు నీలం నడమ, నల్లది అడుగున. ముదురు నీలం ముక్కలో పిన్నీసు మొన దిగేటప్పుడు హగరి మీద ఆశ కూడా కొంచెం దిగిపోయింది. బాధైంది. అవ్వ చెయ్యి, ఆ ఇసక, పది నెలలు ఎండే ఆ ఏరు, అన్నీ గుర్తుకొచ్చి కండ్లు తడి అయినాయి. తుడుచుకోని బయటికి వచ్చింది.

రుద్రేశ్ ఈసారి ఒక్కసారే కూడినాడు. కెంపుకు ఎనిమిది. హగరికి అయిదు, డెల్‌రాక్‌కు అయిదు. గట్లతో పనే పడలేదు. ఎవరు ఏది పైన పెట్టినా ఆరుగురిలో ఒక్కరు కూడా కెంపును అడుగున పెట్టలేదు. హుసేనమ్మ తలుపు దగ్గరికి పోయి పేరు చెప్తే, లోపల మిషన్లు ఆపి ఆడోళ్లు ఒకరికొకరు పలికి చూసుకున్నారు. కన్నడమోళ్లూ తెలుగోళ్లూ ఒకే తీరుగా పలికినారు.

వివేక్ బెంగళూరుకు ఫోను చేసి మీ పని లేదని చెప్పుకున్నాడు. చెప్పినాక అనూష దగ్గరికి వచ్చి, గుండీ మీద కన్నడ అక్షరాలు వేస్తావా ఇంగ్లీషువా అని అడిగినాడు. పక్కన కుర్చీ లాక్కోని కూర్చున్నాడు కూడా. పిన్నీసు దొంగలు ఇద్దరికీ అంతకంటే మంచి కాలక్షేపం ఏముంటుంది.

సాయంత్రం అయిదింటికి అచ్చు బొమ్మ పోవాల. సావుకారు తల లోపలికి పెట్టి, కానీ పాపా, నీ చేత్తో గీసిన మొదటి సొంత పేరు, బాగా గియ్యి అని పోయినాడు. అనూష కంప్యూటరు ముందు తన కుర్చీలో కూర్చోని మొదటి అక్షరం వేసింది. నిన్న సాయంత్రం తాను అడుగున తోసి చంపాలనుకున్న పేరు, ఈరోజు తన కూటికి అదే ఆధారమైంది. సిగ్గుతో ఆమెకు నవ్వొచ్చింది, ఆ నవ్వు మొగంతోనే రెండో అక్షరం కూడా గీసింది.